టెక్నికల్ రౌండ్‌కు ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్: ఏం అడగాలి, ఎలా అడగాలి?

"మీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది. టెక్నికల్ రౌండ్ శుక్రవారం ఉదయం 11 గంటలకు, మీటింగ్ లింక్ ఇదీ." ఇంటర్వ్యూ పిలుపులో చాలాసార్లు ఇంతకు మించి ఉండదు. ఆ గంటలో కోడ్ రాయిస్తారా, పాత ప్రాజెక్ట్ గురించి అడుగుతారా, రాయిస్తే ఎక్కడ రాయాలి అన్నది మనకు తెలియదు. ఉన్న మూడు నాలుగు సాయంత్రాల్లో అన్నీ చదవబోయి దేన్నీ సరిగ్గా చూడలేకపోతాం.

ఈ వివరాలు అడగడం తప్పేమీ కాదు. కొన్ని కంపెనీలు అడగకముందే ప్రిపరేషన్ గైడ్ పంపిస్తాయి. పంపని చోట ఒక చిన్న మెయిల్ రాస్తే సరిపోతుంది. అసలు చిక్కు ప్రశ్న అడిగే తీరులో ఉంది. మెయిల్ చదివే హెచ్‌ఆర్‌కు సాధారణంగా టెక్నికల్ విషయాలు తెలియవు, వారు దాన్ని మేనేజర్‌కో ప్యానెల్‌కో పంపి జవాబు తెప్పించాలి. వారి పని ఎంత తేలికైతే మీకు జవాబు వచ్చే అవకాశం అంత ఎక్కువ.

ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్‌లో మూడేళ్ల అనుభవం ఉన్న జావా బ్యాకెండ్ డెవలపర్‌కు సోమవారం మధ్యాహ్నం పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ శుక్రవారం. జాబ్ డిస్క్రిప్షన్‌లో జావా, స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్ తప్పనిసరి అని, కాఫ్కా తెలిస్తే మంచిదని ఉంది.

1. వచ్చిన మెయిల్ పూర్తిగా చదవండి

క్యాలెండర్ ఇన్వైట్ తెరిచి, కింద ఉన్న వివరణ చివరిదాకా చూడండి. అటాచ్‌మెంట్లు ఉన్నాయా, స్పామ్ ఫోల్డర్‌లో మరో మెయిల్ పడిందా చూడండి. ఇన్వైట్‌లో హ్యాకర్‌ర్యాంక్ లేదా కోడర్‌ప్యాడ్ లింక్ ఉంటే ప్లాట్‌ఫామ్ ఏదో తెలిసిపోయినట్టే. అక్కడ రాసి ఉన్నదాన్నే మళ్లీ అడిగితే, పంపిన మెయిల్ మీరు చదవలేదని వారికి తెలిసిపోతుంది.

2. ఎవరికి రాయాలి, ఎప్పుడు రాయాలి

ఇంటర్వ్యూ ఫిక్స్ చేసిన వ్యక్తికే, వారు పంపిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. కొత్త మెయిల్ మొదలుపెడితే మీరు ఎవరో, ఏ పోస్ట్‌కో వారు వెతుక్కోవాలి. ఇన్వైట్‌లో ప్యానెల్ సభ్యుల అడ్రస్‌లు కనిపించినా వారికి నేరుగా రాయకండి, లింక్డ్‌ఇన్‌లో వెతికి మెసేజ్ పెట్టకండి. మిమ్మల్ని పంపింది కన్సల్టెన్సీ అయితే వారినే అడగండి, వారు కంపెనీని కనుక్కుంటారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అయితే ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ద్వారా వెళ్లడమే పద్ధతి.

సమయానికి వస్తానని ఒప్పుకుంటూ రాసే మెయిల్‌లోనే ఈ ప్రశ్నలూ పెట్టేయడం మంచిది. మన ఉదాహరణలో అయితే సోమవారం సాయంత్రమే వెళ్లిపోవాలి. గురువారం రాత్రి అడిగితే మేనేజర్‌ను కనుక్కునే టైమ్ హెచ్‌ఆర్‌కు ఉండదు, జవాబు వచ్చినా మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. కనీసం రెండు పనిదినాల ముందు అడగండి.

3. ప్రశ్నలు ఎలా మలచాలి

"రౌండ్ ఎలా ఉంటుందండీ?" అని అడిగితే "టెక్నికల్ డిస్కషన్ ఉంటుంది" అన్న జవాబు వస్తుంది. అది మీకు ముందే తెలుసు. అదే "లైవ్ కోడింగ్ ఉంటుందా, లేక ప్రాజెక్ట్ గురించిన చర్చ మాత్రమేనా?" అని అడిగితే, టెక్నికల్ విషయాలు తెలియని వ్యక్తి కూడా ఒక్క మాటలో చెప్పగలరు, లేదా ఉన్నది ఉన్నట్టు మేనేజర్‌కు ఫార్వర్డ్ చేయగలరు. కాబట్టి ప్రతి ప్రశ్నలో మీరే రెండు మూడు ఆప్షన్లు ఇవ్వండి. ప్రశ్నలు మూడుకు మించకూడదు.

మొదటిది రౌండ్ తీరు గురించి. కోడింగా, చర్చా, సిస్టమ్ డిజైనా అన్నది తెలిస్తే సగం ప్రిపరేషన్ అక్కడే తేలుతుంది.

రెండోది టూల్స్ గురించి. చాలామంది ప్లాట్‌ఫామ్ పేరు అడిగి ఆపేస్తారు. పేరు కంటే ముఖ్యమైనది, అక్కడ కోడ్ రన్ అవుతుందా లేదా అన్నది. రన్ అయ్యే చోట కంపైల్ తప్పులు కంటికి కనిపిస్తాయి, దిద్దుకుంటూ పోవచ్చు. ఖాళీ డాక్యుమెంట్‌లో రాయమంటే ఏ తప్పునూ ఎవరూ ఎర్రగీత గీసి చూపించరు. చిన్న ఇన్‌పుట్ తీసుకుని ఒక్కో లైన్‌కు ఏ వేరియబుల్ విలువ ఎంతో పైకి చెబుతూ, కోడ్ సరైనదేనని మీరే చూపించాలి. ఈ రెండింటి ప్రాక్టీస్ వేరు. మీ లాప్‌టాప్‌లోని ఇంటెలిజే తెరిచి స్క్రీన్ షేర్ చేయమనే వాళ్లూ ఉంటారు, అప్పుడు జావా వెర్షన్, ప్రాజెక్ట్ సెటప్ ముందే సిద్ధంగా ఉండాలి. జావా డాక్యుమెంటేషన్ చూసుకోవచ్చా అన్నదీ ఈ ప్రశ్నలోనే కలపవచ్చు. వేరే ట్యాబ్‌కు వెళ్తే నమోదు చేసే ప్లాట్‌ఫామ్‌లు ఉన్నాయి కాబట్టి, అనుమతి తెలియకుండా ట్యాబ్ మారిస్తే కాపీ కొడుతున్నారని అనుకునే ప్రమాదం ఉంది.

మూడోది టాపిక్స్ గురించి. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. "ఏ ప్రశ్నలు వస్తాయి?", "లెవెల్ ఈజీగా ఉంటుందా?" అని అడిగితే పేపర్ లీక్ అడిగినట్టు ఉంటుంది. మీరు ఏం చదవబోతున్నారో చెప్పి, దానికి ఏదైనా కలపాలా, తీసేయాలా అని అడగండి. మీరు జాబ్ డిస్క్రిప్షన్ చదివారని దాంతోనే అర్థమవుతుంది. పైగా కొత్తగా జాబితా రాసివ్వడం కంటే, ఎదురుగా ఉన్న జాబితాను సరిచేయడం మేనేజర్‌కు చాలా తేలిక.

జీతం, వర్క్ ఫ్రమ్ హోమ్, నోటీస్ పీరియడ్ లాంటివి ఈ మెయిల్‌లో కలపకండి. అవి వచ్చాయంటే జవాబు వాటికే వస్తుంది, మీ ప్రశ్నలు పక్కకు పోతాయి.

4. మెయిల్ ఇలా ఉండాలి

మన ఐటీ కంపెనీల్లో ఇలాంటి మెయిల్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది. వాక్యాల వరుస తెలియడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. మీరు ఇంగ్లిష్‌లో రాసినా ఇంతే చిన్న వాక్యాలు, ఇదే వరుస ఉంచండి.

> నమస్కారం (హెచ్‌ఆర్ పేరు) గారూ,
>
> ఇంటర్వ్యూ వివరాలు పంపినందుకు ధన్యవాదాలు. శుక్రవారం ఉదయం 11 గంటలకు తప్పకుండా హాజరవుతాను.
>
> సరిగ్గా సిద్ధం కావడానికి మూడు విషయాలు తెలిస్తే బాగుంటుంది:
>
> 1. ఈ రౌండ్‌లో లైవ్ కోడింగ్ ఉంటుందా, లేక ప్రాజెక్ట్, డిజైన్ గురించిన చర్చ మాత్రమేనా?
> 2. కోడింగ్ ఉంటే ఏ ప్లాట్‌ఫామ్‌లో? అక్కడ కోడ్ రన్ చేయవచ్చా, జావా డాక్యుమెంటేషన్ చూడవచ్చా?
> 3. జావా కలెక్షన్స్, స్ప్రింగ్ బూట్, ఎస్‌క్యూఎల్ మీద దృష్టి పెడుతున్నాను. వీటికి కాఫ్కా కూడా కలపాలా?
>
> వీలైతే బుధవారం లోపు తెలియజేయగలరు. చెప్పడానికి వీలులేనివి ఉంటే పర్వాలేదు.
>
> ఇట్లు,
> (మీ పేరు, ఫోన్ నంబర్, అప్లై చేసిన పోస్ట్)

చివర్లో ఉన్న "పర్వాలేదు" వాక్యం తీసేయకండి. కొన్ని కంపెనీల్లో రౌండ్ వివరాలు చెప్పకూడదన్న నియమం ఉంటుంది. ఆ వాక్యం ఉంటే, మూడింటిలో ఒకటి చెప్పలేకపోయినా మిగతా రెండు చెప్పడానికి వారు వెనకాడరు.

ఇంట్లో కరెంటు, నెట్ నమ్మకం లేని చోట ఉంటే, కాల్ తెగిపోతే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో కూడా ఒక లైన్‌లో అడిగేయండి. ఇంటర్వ్యూ మధ్యలో ఆ టెన్షన్ ఉండదు.

5. జవాబును వాడుకోవడం

బుధవారం ఉదయం ఇలా జవాబు వచ్చిందనుకుందాం: "మొదటి సగం హ్యాకర్‌ర్యాంక్‌లో జావా కోడింగ్, రన్ చేయవచ్చు. మిగతాది స్ప్రింగ్ బూట్, ఎస్‌క్యూఎల్ చర్చ. కాఫ్కా ఈ రౌండ్‌లో లేదు."

వెంటనే ఒక్క లైన్‌లో థాంక్స్ చెప్పి పని మొదలుపెట్టండి. కాఫ్కా పక్కన పెట్టేయవచ్చు, ఒక సాయంత్రం మిగిలింది. బుధవారం సాయంత్రం ప్రాక్టీస్ మీ ఎడిటర్‌లో చేయకుండా, హ్యాకర్‌ర్యాంక్ సైట్‌లోనే చేయండి. ఆఫీసులో రోజూ స్ప్రింగ్ కోడ్ రాసేవాళ్లు కీబోర్డ్ నుంచి ఇన్‌పుట్ చదివి ఏళ్లవుతుంది, చాలామందికి తడబాటు అక్కడే వస్తుంది. ఈ చిన్న కోడ్ చూడండి:

```java
import java.util.*;

public class Solution {
    public static void main(String[] args) {
        Scanner sc = new Scanner(System.in);
        int n = sc.nextInt();
        sc.nextLine();
        String s = sc.nextLine();
        System.out.println(n + " " + s);
    }
}
```

`nextInt()` అంకెను మాత్రమే చదువుతుంది, ఆ లైన్ చివరి ఎంటర్‌ను వదిలేస్తుంది. మధ్యలో విడిగా ఉన్న `sc.nextLine()` దాన్ని మింగేస్తుంది. ఆ లైన్ లేకపోతే `s` ఖాళీగా వస్తుంది, మీ లాజిక్ సరైనదే అయినా అవుట్‌పుట్ తప్పుతుంది. ప్యానెల్ చూస్తుండగా దీన్ని పట్టుకోవడం కష్టం, బుధవారమే చేతికి అలవాటు కావాలి.

గురువారం చర్చ భాగానికి. జాయిన్, `GROUP BY`, `HAVING` వాడి రెండు మూడు క్వెరీలు రాసి చూసుకోండి. మీ ప్రాజెక్ట్‌లో ట్రాన్సాక్షన్ ఎక్కడ పెట్టారు, ఎందుకు పెట్టారు, ఏ టేబుల్ మీద ఇండెక్స్ వేశారు అన్నవి పైకి చెప్పి చూసుకోండి.

6. జవాబు సరిగ్గా రాకపోతే

"జావా బేసిక్స్, ప్రాబ్లమ్ సాల్వింగ్" అని మాత్రమే వస్తే మళ్లీ తవ్వకండి. ఆ రెండు మాటలను బట్టి చూస్తే కోడింగ్ ఉండే అవకాశమే ఎక్కువ. కోడ్ రన్ కాని చోట రాయాల్సి వస్తుందనే అనుకుని సిద్ధం కండి, రన్ అయితే ఇంకా తేలిక. టాపిక్స్‌కు జాబ్ డిస్క్రిప్షన్‌లో తప్పనిసరి అన్నవి ముందు, తెలిస్తే మంచిదన్నవి తర్వాత.

అసలు జవాబే రాకపోతే బుధవారం మధ్యాహ్నం అదే మెయిల్ మీద రెండు లైన్ల రిమైండర్ పంపండి. హెచ్‌ఆర్ మీతో ఇంతకుముందు ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో మాట్లాడి ఉంటే ఆఫీసు వేళల్లో అక్కడ అడిగినా పర్వాలేదు, కానీ అప్పుడు ఒక్క ప్రశ్నే అడగండి: కోడింగ్ ఉందా, ఉంటే ఎక్కడ? దానికీ జవాబు లేకపోతే అక్కడితో వదిలేయండి. శుక్రవారం కాల్ మొదలైన మొదటి నిమిషంలో ప్యానెల్‌నే "ఈ గంటను ఎలా నడుపుదామనుకుంటున్నారండీ, కోడ్ రన్ చేసుకోవచ్చా?" అని అడగవచ్చు, వారు చెబుతారు.