ఏపీఐ పడిపోతే ముందు స్క్రిప్ట్ ఆపండి

స్క్రిప్ట్ ఆర్డర్లు పంపే బ్రోకర్ ఏపీఐ ట్రేడ్ మధ్యలో ఆగిపోతే చేయి వెంటనే యాప్‌లో ఎగ్జిట్ బటన్ మీదకి పోతుంది. అక్కడే నాకు దెబ్బ తగిలింది. తిరుపతిలో మా ఇంట్లోనే కూర్చుని అమ్మిన 2 లాట్ల నిఫ్టీ కాల్‌ని యాప్‌లో కొనేసి టీకి లేచాను. ఈలోగా ఏపీఐ తిరిగొచ్చింది, స్క్రిప్ట్ కూడా ఇంకో 2 లాట్లు కొనేసింది!

ఇప్పుడు ల్యాప్‌టాప్ పక్కన గోడకి ఒక చీటీ అంటించాను. మొదట Ctrl+C కొట్టి స్క్రిప్ట్ ఆపాలి. తర్వాత యాప్‌లో ఆర్డర్ బుక్ తెరిచి, పెండింగ్ ఆర్డర్లన్నీ రద్దు చేయాలి. ఆపైన పొజిషన్లలో ఎన్ని లాట్లున్నాయో చూసి అంతే ఎగ్జిట్ చేయాలి. స్క్రిప్ట్ లాగ్‌లో ఉన్న లెక్కని నమ్మొద్దు. యాప్ తెరుచుకోకపోతే డీలింగ్ డెస్క్‌కి ఫోన్ చేయాలి. నంబరు, క్లయింట్ కోడ్ చీటీ మీదే ఉన్నాయి. ఫోన్లో చెప్పాక మళ్లీ యాప్‌లో నొక్కకండి.

బ్రోకర్ సిస్టమ్ మొత్తం పడిపోతే ఈ చీటీ పనికిరాదు. అందుకే కాల్‌ని 120కి అమ్మగానే, 150 ట్రిగ్గర్, 155 లిమిట్‌తో స్టాప్‌లాస్ ఆర్డర్ కూడా పెట్టేస్తున్నాను. అది ఎక్స్చేంజ్ దగ్గరే ఉంటుంది. జీటీటీ ఆర్డర్ అలా కాదు, బ్రోకర్ సర్వర్లోనే ఉంటుంది. ధర ఒక్కసారిగా 155 దాటి ఎగిరితే మాత్రం ఆ ఆర్డరూ నిండదు.