రాజీనామాకు ముందు ఒక వారం

హైదరాబాద్‌లో మందుల గిడ్డంగి మేనేజరుగా పదిహేడేళ్లు పనిచేశాక సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకున్నాను గానీ, నెలల తరబడి ఆలోచించినా ఏమి చేయాలో తేలలేదు. అందుకే ఒక్క వారం గడువు పెట్టుకున్నాను.

సోమ, మంగళవారాల్లో కొత్త ఊహల జోలికి పోకుండా, మా విభాగం ఏడాదిలో బయటివారికి డబ్బు చెల్లించి చేయించుకున్న పనులను గుర్తు చేసుకుని రాశాను. ఇరవైమూడు తేలాయి. ప్రతి నెలా తిరిగి వచ్చేవి, చెల్లింపుకు ఒప్పుకునే వ్యక్తి నాకు తెలిసినవి మాత్రమే ఉంచితే నాలుగు మిగిలాయి.

బుధవారం పొరపాటు చేశాను. ఆ నాలుగింటిలో ఒకదాన్ని తీసుకుని, టీకాల ఫ్రిజ్ 2–8 డిగ్రీల మధ్యే ఉన్నదని నెలవారీ నివేదిక తయారుచేసి ఇస్తే తీసుకుంటారా అని ముగ్గురు చిన్న డిస్ట్రిబ్యూటర్లను అడిగితే, ముగ్గురూ తప్పకుండా అన్నారు, మొహమాటం మరి. గురువారం నుంచి ప్రశ్న మార్చి, పోయినసారి కరెంటు పోయినప్పుడు ఏమి చేశారు, ఎంత ఖర్చయింది అని అడిగాను. ఆరుగురిలో నలుగురు రీడింగులను పుస్తకంలో చేతితో రాస్తున్నారు. ఇద్దరు అనుమానం వచ్చిన సరుకును పారేసి నష్టపోయారు.

శనివారం ఆ ఇద్దరినే ఒక నెల ప్రయోగానికి అడ్వాన్సు అడిగాను. ఒకరు ఇచ్చారు. ఆదివారం రాజీనామా లేఖను పక్కన పెట్టి, ఆ నెల పనిని సాయంత్రాలకు సర్దుకున్నాను.