మూడు నిమిషాల పిచ్: కథ సగంలో ఉండగానే బెల్ కొడితే

నేను మొదటిసారి షార్ట్ ఫిల్మ్ పిచ్ చేసినప్పుడు, అంటే మూడు నిమిషాల్లో కథ చెప్పి ఒప్పించాల్సి వచ్చినప్పుడు, ప్యానెల్‌గా ముగ్గురు కూర్చున్నారు, టేబుల్ మీద ఫోన్‌లో టైమర్ పెట్టారు. టైమ్ అయిపోయిందని బెల్ మోగేసరికి నా కథలో హీరో ఇంకా అయిదో తరగతిలోనే ఉన్నాడు. అప్పటి కథే తీసుకుని, ఎక్కడ తప్పు జరిగిందో, ఎలా సరిచేశానో చెబుతాను.

కథ ఇది. ఊళ్లో ఎవరు పోయినా ఆటోకి మైకు కట్టుకుని వీధి వీధికీ చెప్పే మనిషి ఒకడున్నాడు. ఒకరోజు పొద్దున్నే పదేళ్లుగా మాటల్లేని సొంత అన్న చనిపోతాడు. చదవమని వదిన పంపిన కాగితంలో కుటుంబసభ్యుల పేర్లన్నీ ఉంటాయి, అతని పేరు తప్ప.

సమస్య: టైమ్ అయిపోతుంది, కథ అవ్వదు

కారణం మన నేరేషన్ అలవాటు. ఎంట్రీ షాట్, వెనక మ్యూజిక్, డైలాగులు అన్నీ నటించి చూపించేస్తాం. నిర్మాత ముందు రెండు గంటలు కూర్చుని కథ చెప్పే పద్ధతి అది. మూడు నిమిషాలకు సీన్ల వరుస పనికిరాదు.

చెప్పాల్సింది మొత్తం కాగితం మీద రాసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, పైకి చదవండి. నా వేగానికి 250 మాటలు దాదాపు రెండున్నర నిమిషాలు పడతాయి. మీకెంత పడుతుందో మీరే చూసుకోవాలి. మిగిలే అర నిమిషం తడబాటుకి. కథకు నిమిషంన్నర, ఎలా తీస్తారో చెప్పడానికి అర నిమిషం, ఈ కథ మీకే ఎందుకు పట్టిందో చెప్పడానికి మిగతాది ఉంచుకుంటే చాలు. మాట తగ్గించాల్సి వస్తే ముందు విశేషణాలు తీసేయండి. వేగం పెంచి మాత్రం సరిపెట్టకండి.

సమస్య: అంతా విన్నాక "ఇంతకీ కథేంటి బాబూ?" అంటారు

నేను ఎలా మొదలుపెట్టానంటే, "మానవ సంబంధాలు అంతరించిపోతున్న ఈ రోజుల్లో..." ఇది ఏ కథకైనా అతుకుతుంది, కాబట్టి దేని గురించీ చెప్పినట్టు కాదు. తర్వాత అన్నదమ్ముల చిన్నతనం, పొలం గొడవ. అసలు ఆటో కథలోకి రానేలేదు.

మనిషి, ఈరోజు అతనికొచ్చిన చిక్కు, అతను తేల్చుకోవాల్సిన విషయం. ఈ మూడూ మొదటి రెండు మూడు వాక్యాల్లోనే పడాలి. మార్చాక నా మొదలు ఇలా అయింది: "మైకు ఆటో నడిపే యాదగిరి ఈ పొద్దున సొంత అన్న చావు కబురు చదవాలి. ఆ కాగితంలో తమ్ముడిగా తన పేరు లేదు. ఉన్నది ఉన్నట్టు చదవాలా, తన పేరు చేర్చాలా?" పొలం గొడవ ఒక్క ముక్కలో సరిపోయింది. ఫ్లాష్‌బ్యాక్ పోవడంతో "ఇది షార్ట్ ఫిల్మ్ కాదు, పెద్ద సినిమా కదా" అనే మాటా పోయింది.

సమస్య: ఆసక్తిగా విన్నవాళ్లు చివర్లో చల్లబడిపోతారు

"క్లైమాక్స్ ఇప్పుడు చెప్పను సార్, సస్పెన్స్" అంటే ఇదే అవుతుంది. ప్యానెల్ ప్రేక్షకులు కాదు. ముగింపు మీ దగ్గర ఉందా లేదా అన్నదే వాళ్ల అనుమానం. దాచితే లేదనుకుంటారు. చెప్పేయండి, అదీ కంటికి కనిపించేలా: "ఊరంతా కాగితంలో ఉన్నట్టే చదువుతాడు. ఆఖరి వీధి దాటి, ఇళ్లు అయిపోయి పొలాలు మొదలయ్యాక ఆటో ఆపి, మైకులో మళ్లీ చదువుతాడు. ఈసారి తన పేరుతో." ఇక్కడ ఆగిపోవాలి. దాని అర్థమేంటో మీరు విడమరిచి చెబితే ఆ కాస్త బరువూ పోతుంది.

సమస్య: "ఎలా తీస్తావ్?" అనగానే టెన్షన్

"తక్కువ బడ్జెట్‌లో అయిపోతుంది సార్" అనేది జవాబు కాదు. నన్నడిగింది, కదిలే ఆటోలో ఇంజిన్ చప్పుడు మధ్య మైకు గొంతు ఎలా రికార్డ్ చేస్తావని. నా దగ్గర సమాధానం లేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే దారి తేలిగ్గానే దొరికింది. ప్రకటన ముందే నిశ్శబ్దంగా ఉన్నచోట రికార్డ్ చేసి, ఎడిటింగ్‌లో పరచాలి. ఆటో నడుస్తున్నంతసేపూ కెమెరా వెనక సీట్లో ఉంటే పెదాలు కనిపించవు, లిప్ సింక్ బాధ ఉండదు. చివరి షాట్‌లో ఆటో ఆగి ఉంటుంది కాబట్టి అక్కడ మాత్రం లైవ్ సౌండ్. మీ కథలో తీయడానికి అన్నిటికన్నా కష్టమైన షాట్ ఏదో మీకు తెలుసు. దాన్ని వాళ్లు అడగకముందే రెండు వాక్యాల్లో చెప్పేయండి.

పిచ్ కుదిరిందో లేదో ముందురోజే తెలుసుకోవచ్చు. సినిమాలతో సంబంధం లేని ఒకరికి చెప్పి, మర్నాడు వాళ్లనే తిరిగి చెప్పమనండి. మా అక్కకి ఆటో గుర్తుంది, పొలాలు గుర్తున్నాయి, కానీ కాగితం రాసి పంపింది ఎవరో గుర్తులేదు. "వదిన" అనే మాటని ఒక వాక్యం మధ్యలో ఇరికించాను. దాన్ని వాక్యం మొదటికి తెచ్చి మళ్లీ చెప్పాను.