సపోర్ట్ టికెట్ల జవాబు టైమ్ రిపోర్ట్ తీసే ముందు

ముందు సెలవుల షీట్ తెరవండి. రొట్టెల పండక్కి నెల్లూరు ఆఫీసు మూసి ఉంటే ఆ తేదీ అందులో ఉండాలి. మనకి శనివారం పని ఉంది. పనిరోజులు లెక్కించే మామూలు `NETWORKDAYS` ఫార్ములా దాన్నీ సెలవు కింద తీసేస్తుంది. `NETWORKDAYS.INTL`లో 11 ఇస్తే ఆదివారం ఒక్కటే పోతుంది.

తర్వాత ఒక టికెట్‌ని చేత్తో లెక్కేసి చూడండి. పనివేళలు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6 వరకు. టికెట్ శనివారం సాయంత్రం 5:30కి వచ్చింది, సోమవారం ఉదయం 10:15కి జవాబిచ్చారు. శనివారం 30, సోమవారం 45, మొత్తం 75 నిమిషాలు. పీ1 గడువు గంట అయితే ఎరుపు పడాలి. పీ2కి 4 గంటలుంటే పడకూడదు. రిపోర్ట్ 40 గంటల పైన చూపిస్తోందంటే రాత్రులు, ఆదివారం కలిసిపోయినట్టే.

జవాబు గడి ఖాళీగా ఉన్న టికెట్లని వదిలేయొద్దు, ఇప్పటి టైమ్ వరకు లెక్కించండి. అసలు బ్రీచ్‌లు దాక్కునేది అక్కడే. ఆటో రిప్లై జవాబు కాదు.