పీర్ రివ్యూ రిపోర్ట్ ఎలా రాయాలి? అబ్‌స్ట్రాక్ట్‌ని టేబుల్ పక్కన పెట్టి చదవండి

మాన్యుస్క్రిప్ట్, జర్నల్ ఇచ్చిన ఫారం, ఒక పెన్సిలు చాలు. రచయితల్లో మీతో కలిసి పనిచేస్తున్నవాళ్లు ఉంటే ముందే ఎడిటర్‌కి చెప్పేయండి.

మొదటి పేరాలో పేపర్ ఏం చెబుతోందో మీ మాటల్లో మూడు నాలుగు వాక్యాలు రాయండి. అబ్‌స్ట్రాక్ట్ కాపీ కొట్టొద్దు.

తర్వాత కొత్తదనం. "ఇందులో కొత్తేమీ లేదు" అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్లను చూసి విసుగొచ్చింది. ఏ పేపర్లో ఎంతవరకు వచ్చేసిందో చూపించండి. చూపించలేకపోతే ఆ మాట కొట్టేయండి.

పద్ధతుల దగ్గర నేను చూసేది ఒక్కటే: ఇది చదివి ఇంకొకరు ఆ పని మళ్లీ చేయగలరా? గుంపులుగా ఎలా విడదీశారు, మధ్యలో ఎంతమంది మానేశారు లాంటివి కనబడకపోతే అడగండి.

అసలు తంటా రుజువుకి మించిన మాటలతోనే. ఇంట్రడక్షన్ చదవకముందే అబ్‌స్ట్రాక్ట్‌లోని ప్రతి వాదన కింద గీత గీసి, దాన్ని నిలబెట్టే టేబుల్ నంబరు పక్కన రాయాలి. మొదటి పేజీ నుంచి వరసగా చదివితే రచయిత కథ ముందే తలకెక్కుతుంది, టేబుల్‌ని కూడా ఆ కళ్లతోనే చూస్తాం.

ఉదాహరణకు, శ్వాస వ్యాయామం బీపీని మామూలు సలహా కన్నా బాగా తగ్గిస్తుందని అబ్‌స్ట్రాక్ట్‌లో ఉందనుకుందాం. టేబుల్‌లో వ్యాయామం గుంపుకి సగటున 4 పాయింట్లు తగ్గింది, సలహా గుంపుకి 3. రెండింటికీ స్టాండర్డ్ ఎర్రర్ 1.8. మొదటిదానికి పి-వాల్యూ 0.05 కన్నా తక్కువ, రెండోదానికి ఎక్కువ. "ఒకచోట పనిచేసింది, ఇంకోచోట చేయలేదు, కాబట్టి ఇదే మేలు" అని రచయితలు తేల్చేశారు. చాలామంది రివ్యూయర్లు కూడా ఇక్కడే తలూపేస్తారు.

కానీ చూడాల్సింది రెండు గుంపుల మధ్య తేడాని. ఆ తేడా 1 పాయింటే. రెండు గుంపులూ వేర్వేరు కాబట్టి దాని స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 2.5 అవుతుంది. అంటే 95 శాతం నమ్మకపు అవధి దాదాపు −4 నుంచి +6 దాకా పోతుంది. మధ్యలో సున్నా ఉంది, అంటే అసలు తేడానే లేకపోవచ్చు. వ్యాయామం మేలని ఈ డేటా చెప్పడం లేదు. పనికిరాదనీ చెప్పడం లేదు, ఆ రెండోది కూడా మీ రిపోర్ట్‌లోకి జారిపోకుండా చూసుకోండి.

దీన్ని ఇలా రాయండి: "టేబుల్ 2లో గుంపుల మధ్య తేడాని నేరుగా లెక్కించలేదు. అవధితో సహా ఇవ్వండి, లేదా అబ్‌స్ట్రాక్ట్‌లో 'కన్నా బాగా' అనే మాట తీసేయండి." మాట మారిస్తే సరిపోయే చోట కొత్త ప్రయోగం అడగడం నాకు అస్సలు నచ్చదు. రచయితలకి నెలలు పోతాయి, అక్కడ తప్పేమో ఒక వాక్యానిది.

పేపర్‌ని తీసుకోవాలా వద్దా అన్నది ఎడిటర్‌కి మాత్రమే కనిపించే పెట్టెలో రాయండి. అచ్చుతప్పులకి చివర్లో రెండు లైన్లు చాలు.