రింగ్ టెస్ట్‌లో యాసిడ్ పోసేటప్పుడు

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నైట్రేట్‌కి రింగ్ టెస్ట్ చేసేవాళ్లకి ఓ చిట్కా. లవణ ద్రావణంలో అప్పటికప్పుడు తయారుచేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం కలిపాక, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని మధ్యలోకి గబుక్కున పోయకండి. కళ్లద్దాలు పెట్టుకుని, ట్యూబ్‌ని హోల్డర్‌తో ఏటవాలుగా పట్టుకోండి. మూతి మీవైపూ, పక్కవాళ్లవైపూ ఉండకూడదు. డ్రాపర్ కొనని లోపలి గోడకి ఆనించి, యాసిడ్‌ని మెల్లగా జారనివ్వండి. నీటికంటే దాదాపు రెట్టింపు బరువు కాబట్టి అది అడుగుకి చేరి విడి పొరగా నిలుస్తుంది, రెండు పొరలు కలిసేచోట గోధుమరంగు రింగ్ కనిపిస్తుంది. ఒక్కసారిగా పోస్తే నీళ్లతో కలిసి వేడెక్కి పైకి చిమ్ముతుంది. పైగా రింగ్ కూడా రాదు! ట్యూబ్‌ని కుదిపినా అంతే.

డ్రాపర్‌ని తలకిందులుగా పట్టుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. యాసిడ్ రబ్బరు బల్బులోకి వెళ్లి దాన్ని తినేస్తుంది, తర్వాత వాడేవాళ్ల వేళ్ల మీద కారుతుంది.

అసలు ప్రమాదం చాలాసార్లు కడిగేటప్పుడే. మార్కులు పడ్డాయి కదా అని ట్యూబ్‌ని నేరుగా కుళాయి కింద పెడతారు, అడుగున గాఢ యాసిడ్ అలాగే ఉందన్న సంగతి మరిచిపోయి. ట్యూబ్ చల్లారాక, పెద్ద బీకరులో సగానికి పైగా నీళ్లు తీసుకుని, అందులోకి కొద్దికొద్దిగా వంచుతూ గాజు కడ్డీతో కలపండి.

చేతిమీద పడితే తుడుస్తూ కూర్చోకుండా, వెంటనే కుళాయి ధార కింద కనీసం 15 నిమిషాలు ఉంచండి. సోడా పొడి చర్మానికి రుద్దొద్దు, అది బల్ల మీద ఒలికినదానికి. కంట్లో పడితే అదే పనిగా నీళ్లతో కడుగుతూ, లెక్చరర్‌ని కేకేసి, ఆస్పత్రికి వెళ్లాల్సిందే.