మైలేజీ ఒకసారి 157, మరోసారి 19: పెట్రోలు లెక్కల షీటులో తప్పు ఎక్కడుంది?

బంకుకు వెళ్లిన ప్రతిసారీ ఓడోమీటర్ రీడింగ్, లీటర్లు, చెల్లించిన రూపాయలు ఒక షీటులో రాసుకుంటారు. కొన్నాళ్లకు చూస్తే అంకెలు నమ్మేలా ఉండవు. చాలామంది అప్పుడు బండిని అనుమానిస్తారు, లేదంటే బంకును. ముందు చూడాల్సింది సూత్రాన్ని. ఇక్కడి ఉదాహరణలన్నీ పది లీటర్ల ట్యాంకున్న ఒక 125 సీసీ బైకువి. పద్ధతి మాత్రం కారుకూ ఇదే.

మైలేజీ ఒక్కసారిగా పెరిగి, ఆ వెంటనే పడిపోతోంది

ఈ మూడు వరుసలు చూడండి. 18,240 దగ్గర ట్యాంకు నింపారు. 18,530 దగ్గర 200 రూపాయలకు కొట్టించారు. లీటరు 108 రూపాయల లెక్కన 1.85 లీటర్లు వచ్చింది. 18,655 దగ్గర మళ్లీ ఫుల్ చేయిస్తే 6.40 లీటర్లు పట్టింది.

షీటు ప్రతి వరుసలో దూరాన్ని ఆ వరుసలోని లీటర్లతో భాగిస్తే, రెండో వరుసలో 290 ÷ 1.85, అంటే 157 వస్తుంది. మూడో వరుసలో 125 ÷ 6.40, అంటే 19.5. రెండూ అబద్ధమే. 290 కిలోమీటర్లు తిరగడానికి ఖర్చయిన పెట్రోలు ఆ 1.85 లీటర్లు కాదు, అంతకుముందు ట్యాంకులో ఉన్నది. ఎంత ఖర్చయిందో తెలిసేది ట్యాంకు మళ్లీ అదే మట్టానికి నిండినప్పుడే. అందుకే మైలేజీని ఒక్కో వరుసకు కాకుండా, రెండు ఫుల్ ట్యాంకుల మధ్య దూరానికి లెక్కగట్టాలి. మధ్యలో పోయించిన చిన్న మొత్తాలన్నీ కలపాలి: 415 కిలోమీటర్లు, 8.25 లీటర్లు, మైలేజీ 50.3.

షీటులో దీనికి E అనే నిలువు వరుస చేర్చండి. ఫుల్ చేయిస్తే Y, కాకపోతే N, లెక్క కొత్తగా మొదలయ్యే చోట S. B ఓడోమీటర్, C లీటర్లు, D రూపాయలు. మొట్టమొదటి నమోదు రెండో అడ్డువరుసలో ఉంటుంది. అది ఫుల్ ట్యాంకే అయి ఉండాలి, దానికి S పెట్టాలి. మూడో అడ్డువరుస నుంచి ఈ సూత్రాలు కిందికి లాగండి:

```
F3: =IF(E2="N",F2,0)+C3
G3: =IF(E2="N",G2,B2)
H3: =IF(E3="Y",(B3-G3)/F3,"")
```

F గత ఫుల్ ట్యాంకు తర్వాత పోయించిన లీటర్ల మొత్తం, G ఆ ఫుల్ ట్యాంకు నాటి రీడింగ్, H మైలేజీ. N ఉన్న వరుసలో H ఖాళీగా ఉండటం లోపం కాదు, అక్కడ చెప్పడానికి సమాధానమే లేదు. ఎక్కడైనా #VALUE! కనిపిస్తుంటే మాత్రం ఆ విడతలో ఏదో అంకె పక్కన "కి.మీ." అనో "లీ." అనో టైపు చేసి ఉంటారు, తీసేయండి.

ఒక్క చోట మాత్రం మైలేజీ దాదాపు రెట్టింపు వచ్చింది

ఆ పక్క వరుసల్లో అంతా సవ్యంగానే ఉంటే, మధ్యలో ఒకసారి పెట్రోలు పోయించి రాయడం మరిచిపోయారని అర్థం. దూరం లెక్కలోకి వచ్చింది, లీటర్లు రాలేదు. ఇంట్లో మరొకరు బండి తీసుకెళ్లినప్పుడు ఇలా ఎక్కువగా జరుగుతుంది. బిల్లు లేదా ఫోనులో చెల్లింపు సందేశం దొరికితే రూపాయలను ఆ రోజు ధరతో భాగించి వరుస చేర్చండి. దొరకకపోతే ఊహించి రాయవద్దు. మరిచిపోయిన తర్వాత వచ్చిన మొదటి ఫుల్ ట్యాంకు గుర్తును Y నుంచి S కు మార్చండి. ఆ ఒక్క విడత లెక్క పోతుంది, తర్వాతి లెక్కలు శుభ్రంగా ఉంటాయి.

అన్నీ ఫుల్ ట్యాంకులే, అయినా అంకె ఊగుతోంది

"ఫుల్" ప్రతిసారీ ఒకే మట్టం కాదు. సైడ్ స్టాండుపై ఒకచోట ఆగుతుంది, సెంటర్ స్టాండుపై మరోచోట. ఒక పంపు ముందే ఆగిపోతుంది, మరొకచోట కుర్రవాడు మూతి దాకా నింపుతాడు. మన బైకుకు తర్వాతి విడతలో 120 కిలోమీటర్లకే ఫుల్ చేయిస్తే 2.0 లీటర్లు పట్టింది, మైలేజీ 60. మట్టం 0.3 లీటరు తగ్గిందనుకోండి. అసలు ఖర్చు 2.3, నిజమైన మైలేజీ 52. అదే 0.3 లీటరు తేడా 415 కిలోమీటర్ల విడతలో వచ్చి ఉంటే అంకె రెండు కిలోమీటర్లకు మించి మారేది కాదు. కాబట్టి ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయ్యాకే ఫుల్ చేయించండి, వీలైతే అదే బంకులో, అదే స్టాండుపై, పంపు మొదటిసారి ఆగినచోటే చాలించండి.

ఇక్కడ ఇంకో పొరపాటు దాగి ఉంటుంది. సగటు కోసం H లోని అంకెలకు AVERAGE పెడతారు. 50.3, 60 ల సగటు 55 చూపిస్తుంది. నిజానికి 535 కిలోమీటర్లకు 10.25 లీటర్లు, అంటే 52.2. చిన్న విడతకూ పెద్ద విడతకూ సమాన ఓటు ఇవ్వడం వల్ల వచ్చిన తేడా ఇది. మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతోనే భాగించాలి. అలా మూడు నాలుగు విడతలు కలిపి చూసినా మైలేజీ తగ్గుతూనే ఉంటే, అప్పుడు టైర్లలో గాలి, పట్టేస్తున్న బ్రేకు, ఎయిర్ ఫిల్టర్ చూపించండి.

కిలోమీటరుకు ఖర్చు అయిదు రూపాయలు దాటింది

కారణం మొదటి సమస్యదే. 6.40 లీటర్ల ఖరీదు 691.20 రూపాయలను 125 తో భాగిస్తే 5.53 వస్తుంది. 200 రూపాయలు కూడా కలిపి, 891.20 ని 415 తో భాగిస్తే 2.15.

```
I3: =IF(E2="N",I2,0)+D3
J3: =IF(E3="Y",I3/(B3-G3),"")
```

ఇది పెట్రోలు ఖర్చు మాత్రమే. సర్వీసింగ్ బిల్లును అది కట్టిన వరుసలో కలిపితే ఆ విడత ఒక్కటే భారీగా కనిపిస్తుంది. దాన్ని వేరే చోట రాసి, ఏడాది మొత్తం దూరంతో భాగించడం మేలు.

సర్వీసింగ్ గడువు దాటాక గుర్తుచేస్తోంది, లేదా అసలు గుర్తుచేయడం లేదు

రీడింగ్ సరిగ్గా 21,000 అయినప్పుడు హెచ్చరించమని "=" తో సూత్రం రాస్తే అది ఎప్పటికీ మోగకపోవచ్చు. షీటుకు దూరం తెలిసేది పెట్రోలు పోయించిన రోజునే. మధ్యలోని అంకెలను అది చూడదు.

">=" పెట్టినా సరిపోదు. గత సర్వీసింగ్ 18,420 దగ్గర జరిగింది, గడువు 3,000 కిలోమీటర్లు అనుకుందాం. తర్వాతిది 21,420 కి. నమోదులు 20,960, 21,390, 21,800 దగ్గర పడితే, 21,390 వద్ద ఇంకా 30 మిగిలి ఉంది కాబట్టి హెచ్చరిక రాదు. 21,800 వద్ద వచ్చేసరికి 380 కిలోమీటర్లు ఆలస్యం. ఒక ఫుల్ ట్యాంకుతో బండి ఎంత దూరం పోతుందో, కనీసం అంత ముందుగా హెచ్చరిక పెట్టాలి. ఈ బైకుకు 500. అప్పుడు 20,960 వద్దే తెలుస్తుంది. బండి తక్కువ తిరిగినా ఆయిల్‌కు నెలల గడువు ఉంటుంది కనుక తేదీ కూడా చేర్చండి. M2 లో గత సర్వీసింగ్ రీడింగ్, N2 లో దాని తేదీ:

```
=IF(OR(M2+3000-MAX(B:B)<=500,
 TODAY()>=EDATE(N2,6)-15),"సర్వీసింగ్","")
```

3000, 6 స్థానంలో మీ బండి పుస్తకంలోని అంకెలు వేయండి.

సర్వీసింగ్ చేయించి వచ్చినా హెచ్చరిక పోకపోతే, M2, N2 మార్చారో లేదో చూడండి. అవి సరిగ్గానే ఉంటే B లో ఎక్కడో 18,955 కు బదులు 189550 పడి ఉంటుంది. MAX దాన్నే పట్టుకుంటుంది. ఇలాంటివి రాకుండా B3 నుంచి కిందికి డేటా వ్యాలిడేషన్‌లో `=AND(B3>B2,B3-B2<600)` పెట్టండి. తిరస్కరించమని కాదు, హెచ్చరించమని మాత్రమే ఎంచుకోండి. ఎందుకంటే అంకె సరిగ్గా ఉండి కూడా 600 దాటిందంటే, రాయడం మరిచిపోయిన పెట్రోలు ఒకటి మధ్యలో ఉందన్నమాట. అప్పుడు మార్చాల్సింది రీడింగ్ కాదు, E లోని గుర్తు.